దరఖాస్తు పెట్టని పెద్దమనిషి

సర్కారు తెలుగుకు ఒక గుణం ఉంది. వాక్యం మొదట్లో మనిషి కనబడతాడు. ఆ తరువాత 'యొక్క'ల పొదల్లోకి, 'మేరకు'ల డొంకల్లోకి దూరిపోతాడు. క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఏం చేయాలన్నారో చదివినవాడికి గుర్తుండదు. నిజాం కాలంలో ఫర్మానాలు ఉర్దూలో వచ్చేవి, అర్థం కాలేదని చెప్పుకోవడానికి జనానికి ఒక సాకైనా ఉండేది. సొంత భాషలో వచ్చిన కాగితం అర్థం కాకపోతే తప్పు మనదేనేమోనన్న అనుమానం పట్టుకుంటుంది. ఆ అనుమానం ఇప్పలగూడెం తుల్సీరాంకు పట్టుకున్నంత గట్టిగా ఈ అడవి అంచున మరెవరికీ పట్టుకుని ఉండదు.

తుల్సీరాం లంబాడా మనిషి. పుట్టింది కల్లూరు దగ్గరి తండాలో. ఇంటర్లో ఇంగ్లీషు తప్పి, తల్లాడలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా కొన్నాళ్ళు చేశాడు. ఆ పత్తి దుమ్ముకు దగ్గు పట్టుకుంటే వదిలేశాడు. గోరి అనే పిల్లను పెళ్ళి చేసుకుని, అడవిలో కోయల ఇప్పలగూడెం పక్కన ఉన్న ఆమె పుట్టింటి తండాకు ఇల్లరికం వచ్చాడు. భూమి లేదు, అడవి నరికి పోడు కొట్టలేదు. నిరంతర విద్యా కేంద్రంలో ప్రేరక్ పని దొరికింది. పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించడం, పేపరు తెప్పించి ఉంచడం, ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి పెట్టడం ఆ పని. అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చేవాళ్ళు తక్కువే కానీ కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళకు లోటు లేదు. బఠాణీల పొట్లం విప్పినా ఆ కాగితాన్ని ఇటూ అటూ చదివి గానీ పారేయని మనిషికి అంతకన్నా తగిన కొలువు ఏముంటుంది? "మా ఆయనకు అన్నం పెట్టకున్నా ఊకుంటడు, కాగితం పెట్టకపోతె ఊకోడు" అని గోరి తండా అంతటా చెప్పేది.

రెండువేల ఎనిమిదిలో, మేడారం జాతర ముగిసి జనం ఇంకా ఒళ్ళునొప్పులతో ఉన్న రోజుల్లో, పంచాయతీ కార్యదర్శి సైకిల్‌మోటారు మీద వచ్చి ఒక కట్ట అతని ఒళ్ళో పడేశాడు. అడవి హక్కుల చట్టం కింద పోడు భూములకు దరఖాస్తులు తీసుకోవాలని పైనుంచి వచ్చిన సర్క్యులర్ అది.

"గ్రామసభల చదవాలె తుల్సీరాం. నేను చదివితె నాకే నిద్రొస్తది. నువ్వు కోసి కూర చేసి పెట్టు."

"ఎంత కోయమంటవ్ సార్?"

"మూడు ముక్కలు. ఎవరికి వస్తది, ఎప్పటిలోగ పెట్టాలె, ఏమేం జతచేయాలె. అంతకు మించి చెప్తె జనం లేసిపోతరు."

మూడు ముక్కలు అనడం తేలికే. తుల్సీరాం కేంద్రం అరుగు మీద పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. మొదటి ముక్క దగ్గరే తల తిరిగింది. ఒకచోట రెండువేల ఐదు డిసెంబరు పదమూడు అని ఉంది. ఇంకోచోట మూడు తరాలు, డెబ్బై ఐదేళ్ళు అని ఉంది. గూడెంలో డెబ్బై ఐదేళ్ళ కింద ఎవరు ఎక్కడ ఉన్నారో ఎవరు చెప్పాలి? మళ్ళీ మళ్ళీ చదివితే తేలింది ఏమిటంటే, ఆ డెబ్బై ఐదేళ్ళ లెక్క గిరిజనులు కానివాళ్ళకట. కోయవాళ్ళకూ లంబాడావాళ్ళకూ డిసెంబరు పదమూడుకు ముందు నుంచి ఆ భూమి చేతిలో ఉంటే చాలట. ఎంత సాగులో ఉంటే అంతకే, అదీ పదెకరాలు దాటకుండా.

ఈ ప్రాంతంలో తేదీ అనేది బయటివాళ్ళ వస్తువు. పర్ణశాలలో రాముడు ఎన్నాళ్ళున్నాడని యాత్రికులు అడుగుతుంటారు, అక్కడివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. అలాంటి చోట డిసెంబరు పదమూడంటే ఎవరికి తెలుస్తుంది? అందుకే గ్రామసభ రోజున తుల్సీరాం లేచి నిలబడి దాన్ని జాతర లెక్కలోకి మార్చాడు.

"ఇగో వినుండ్రి. మొన్న జరిగిన జాతర కాదు. దానికి ముందు జాతర ఉన్నది చూడు, దానికి రెండు నెలల ముందట. అప్పటికే కొట్టి సాగు చేస్తున్న పోడైతెనే పెట్టాలె. మొన్న మొన్న కొట్టింది పనికిరాదు."

"మరి జాతరకు నేను పోలే. నాకెట్ల లెక్క?" అన్నది వెనక నుంచి భీమక్క. ముసలిది, ఒక చెవి పనిచేయదు, నోరు మాత్రం రెండింతలు పనిచేస్తుంది.

"నువ్వు పోకున్నా జాతర జరిగింది గదనే అమ్మా!" అన్నాడు ఆమె కొడుకు జంపయ్య. ఆ రోజే అతన్ని అడవి హక్కుల కమిటీకి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. దరఖాస్తులు తీసుకునేది, రసీదు ఇచ్చేది ఆ కమిటీయే. మండలాఫీసు చుట్టూ తిరిగే పని లేదు. ఈ మాట తుల్సీరాం రెండుసార్లు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. సర్కారు పని ఆఫీసులో కాకుండా ఊళ్ళో అవుతుందంటే ఎవరు నమ్ముతారు?

గడువు గ్రామసభ పిలిచిన నాటి నుంచి మూడు నెలలు. "ఇప్పపువ్వు ఏరుకునేది అయిపోయి, తునికాకు కల్లం మూసి, మృగశిర కార్తె రాకముందే" అని మార్చి చెప్పాడు. అందులో తికమక లేదు. తికమకంతా మూడో ముక్కలో వచ్చింది.

కాగితాలు. సర్క్యులర్లో ఒక పేజీన్నర ఉంది ఆ జాబితా. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటిపన్ను రసీదు. పొలంలో వేసిన గట్లు, కట్టిన గుడిసెలు. పాత బావులు, సమాధుల రాళ్ళు, దేవర చోట్లు. కోర్టు కాగితాలు. ఇందులో ఒకటి కన్నా ఎక్కువ చూపించాలి. జంపయ్య దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు:

"సారూ, మా నాయన మీద ఫారెస్టోళ్ళు పోడు కొట్టిండని కేసు రాసి జుర్మానా వేసిన కాగితం ఉన్నది. దాన్ని దాచాల్నా, కాల్చాల్నా?"

"చూపెట్టాలె."

"ఏందీ?"

"ఏ సంవత్సరం, ఏ జాగల కొట్టిండో అందులనే ఉంటది గద. అప్పుడు దొంగవని ఇచ్చిన కాగితమే ఇప్పుడు నీ భూమని చెప్తది."

అతను ఎగతాళి చేస్తున్నాడో, నిజం చెప్తున్నాడో జంపయ్య తేల్చుకోలేకపోయాడు. మరుసటి రోజు నుంచి గూడెంలో ఇళ్ళ కప్పుల్లో దోపిన పాత కేసు కాగితాలు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. ఎలకలు కొరికినవి కొన్ని, పొగకు నల్లబడినవి కొన్ని. ఇన్నాళ్ళూ వాటిని చూస్తే భయం. ఇప్పుడు వాటిని చూసి ఏమనుకోవాలో ఎవరికీ తెలియలేదు.

కేసు లేనివాళ్ళ సంగతే చిక్కు. వాళ్ళకు రేషన్ కార్డు తప్ప రెండో ఆధారం లేదు. జాబితా చివర్లో, ఎవరి కంటా పడకుండా ఒక పంక్తి ఉంది: "హక్కు కోరువారు గాక ఇతర పెద్దల యొక్క వ్రాతపూర్వక వాంగ్మూలము." తుల్సీరాం దాన్ని చూసి సంతోషపడ్డాడు. పెద్దలు చెప్పిన మాట రాసి జతచేస్తే అదీ ఒక ఆధారమే! జాజు ఎర్రమట్టి కలిపి, కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో మూడు ముక్కలూ రాశాడు. ఆ చివరి పంక్తిని తన పద్ధతిలో కోసి ఇలా రాశాడు: "దరఖాస్తు పెట్టని పెద్దమనిషి మాట రాయించాలె."

అందరికీ అర్థమయ్యేలా రాశాననుకున్నాడు. అందరికీ అర్థమైంది కూడా. చిక్కు అక్కడే మొదలైంది.

ఇప్పలగూడెంలో పెద్దమనిషి అంటే పగిడయ్య. మనిషి సన్నగా, ఎండిన మద్దికర్రలా ఉంటాడు. ఎవరైనా కొత్త పోడు తెరిస్తే గొడ్డలి పడకముందే పగిడయ్యను పిలుచుకుపోవడం ఆ గూడెం ఆనవాయితీ. ఆయన మూలకు ఒక రాయి పాతి, దాని మీద ఇంత ఇప్పసారా పోసి, "ఫలానావాడు వస్తుండు, చల్లగ చూడు" అని నేలకు చెప్పేవాడు. ఆయనకు ముందు ఆయన తండ్రి చెప్పేవాడు. కాబట్టి ఏ భూమి చెక్క ఎవరిది, ఏ ఏడు తెరిచింది, హద్దు ఏ చెట్టు దాకా అన్నది ఆయన్ని అడిగితే చాలు.

రోజూ పొద్దున్నే ఆయన కేంద్రం అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. భూమి ఉన్నవాడు ఎదురుగా. తుల్సీరాం రాసేవాడు.

"ఈ పిల్లగాని తాత చెక్క. గోదారికి పెద్ద వరదొచ్చి భద్రాచలం మునిగిన ఏడు తెరిచినం. వాగు కాడి రాయి నేనే పాతిన. తూర్పుకు తుమికి చెట్టు, ఇప్పుడు లేదు, మొద్దున్నది."

"వరద అంటే ఎనభై ఆరా తాతా?"

"నువ్వు ఏ ఆరన్నా రాసుకో. నేను వరదనే చెప్త."

రాసింది చదివి వినిపిస్తే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఒక్క హద్దు తప్పు పడినా కళ్ళు తెరిచేవాడు. ఆ తరువాత వేలిముద్ర. తుల్సీరాంకు ఇంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు. అరుగు మీద కూర్చుని ఒక ఊరి చరిత్ర మొత్తం రాస్తున్నాననిపించేది. ఇప్పపువ్వు రోజులు అలా గడిచాయి. బీడీలకు పోయే తునికాకు రోజులు వచ్చాయి. జనం చీకటితో లేచి ఆకుకు పోవడం, మధ్యాహ్నం కట్టలు కట్టడం, సాయంత్రం కల్లానికి మోయడం. దరఖాస్తులు మెల్లగా జంపయ్య ఇంట్లో ట్రంకుపెట్టెలో చేరాయి.

ఆదెమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. పగిడయ్య భార్య. తునికాకు పసరుకు వేళ్ళు నల్లగా ఉన్నాయి. అరుగు దిగువనే నిలబడింది.

"సారూ, అందరివి రాస్తున్నవు. మా ముసలోనిది ఎన్నడు రాస్తవు?"

తుల్సీరాం కలం ఆగింది. పగిడయ్య దరఖాస్తు. నిజమే, అది రాసినట్టు గుర్తులేదు. కుంట పక్కన ఆయనకు చక్కటి చెక్క ఉంది, జొన్న, కంది వేస్తారు. ఆయన దరఖాస్తు ముందే అయిపోయి ఉంటుందని అనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు.

"తాత పెట్టలేదా?"

"పెట్టడట. గోడ చూపెడ్తుండు."

ఆ సాయంత్రం తుల్సీరాం కుంట పక్కకు పోయాడు. పగిడయ్య తడిక అల్లుతున్నాడు. విషయం అడిగితే ఆయన తేలిగ్గా చెప్పాడు, వాన పడుతుందన్నంత తేలిగ్గా.

"నువ్వే గద రాసినవ్. పెట్టని పెద్దమనిషి మాటనే చెల్లుతదని. ఈ గూడెంల రాళ్ళు పాతింది నేను. నేను పెడితె ఇగ మాట చెప్పేదెవరు? అందుకే నేను పెట్టలే."

"మరి నీ భూమి తాతా?"

"ఇన్ని చెక్కలకు ఒక చెక్క పోతె ఏమైతది?"

తుల్సీరాం ఇంటికి వచ్చి కట్ట విప్పి ఆ పంక్తి చదివాడు. హక్కు కోరువారు గాక ఇతర పెద్దలు. అంటే ఎవరు? హక్కు కోరేవాడు తన దరఖాస్తుకు తానే సాక్ష్యం చెప్పుకోవద్దనా? లేక హక్కు కోరినవాడు అసలు ఎవరికీ చెప్పకూడదనా? ఒకసారి చదివితే మొదటిదనిపించింది. ఇంకోసారి చదివితే రెండోదనిపించింది. మూడోసారి చదివేసరికి రెండూ కాకుండా ఇంకేదో ఉందేమోనన్న భయం పట్టుకుంది. మొదటిదైతే తన గోడ రాత వల్ల ఒక ముసలాయన భూమి పోతుంది. రెండోదైతే, ఇప్పుడు పగిడయ్యతో పెట్టిస్తే ఆయన వేలిముద్ర ఉన్న కాగితాలన్నీ చెల్లకుండా పోతాయి. ఎటు కదిలినా ఎవరో ఒకరి నేల కదులుతుంది.

పొద్దున జంపయ్యతో చెప్పాడు. జంపయ్య ముఖం మాడింది. అతనికి కేసు కాగితం ఉంది గానీ, అతని తమ్ముళ్ళకు పగిడయ్య మాటే ఆధారం.

"ఆగు సారూ, ఆగు. ముసలోడు ఇప్పుడు పెడితె మావన్ని గల్లంతైతయా?"

"అదే తెలుస్తలేదు."

"తెలువకుండనే గోడ మీద రాసినవా?"

అక్కడున్న మరొకడు అందుకున్నాడు: "ఈ లంబాడాయనకు పోడు లేదాయె. మనది పోతె ఆయనకేంది?"

తుల్సీరాం తల వంచుకున్నాడు. గోరి మాత్రం ఊరుకోలేదు. ఆకు కట్టలు అక్కడే దింపి, "ఓ అన్నా, మా ఆయనకు గుంట భూమి లేకపాయె, ఇన్ని రోజులు మీ భూములకే కలం అరగదీసిండు. తప్పు రాస్తె తప్పన్రి. కులం ఎందుకు తీస్తరు?" అని కడిగిపెట్టింది. ఆ మనిషి ఏదో గొణిగి పక్కకు తప్పుకున్నాడు. జంపయ్యే సర్దాడు. "నీ ఎంక ఎవలు లేరనుకోకు సారూ. పోయి కనుక్కొని రా. జల్దీ రా. మృగశిర వస్తుంది."

కార్యదర్శిని అడిగితే ఆయన కట్టను అటూ ఇటూ తిప్పి, "నాకు అర్థమైతే నీకెందుకిస్త తుల్సీరాం?" అన్నాడు. అందులో నిజాయితీ ఉంది, కాదనలేం. భద్రాచలంలో కమిటీ వాళ్ళకు శిక్షణ జరుగుతోందని, అక్కడ శ్రావణి అనే ఆమె చెప్తోందని పంపించాడు.

భద్రాచలం బస్సులో కూర్చుంటే గోదావరి వంతెన దగ్గర అందరూ చేతులు జోడిస్తారు. తుల్సీరాం చేతిలో కట్ట ఉంది, జోడించడం కుదరలేదు. కట్టనే కళ్ళకద్దుకున్నాడు. పక్కన కూర్చున్నావిడ అది రామకోటి పుస్తకం అనుకుని "ఎన్ని రాసినవ్ నాయనా?" అని అడిగింది.

శ్రావణి వయసులో చిన్నది, గొంతు బొంగురుపోయి ఉంది. రోజంతా ఇవే ప్రశ్నలు. తుల్సీరాం చూపించిన పంక్తి చదివి నుదురు రుద్దుకుంది.

"ఇది నేను కూడ రెండుసార్లు చదవాల్సొచ్చింది సార్. ఎవరి దరఖాస్తుకు వాళ్ళు పెద్దమనిషి కావొద్దు, అంతే. మీ ఇంటి తగాదల మీరే పంచాయతీ చెప్పుకుంటరా?"

"చెప్పుకోం."

"పక్కింటోళ్ళకు చెప్తరా?"

"అవ్."

"ఇదీ గంతే. ఆయన భూమికి ఆయన పెట్టుకోవచ్చు. వేరేటోళ్ళ భూములకు సాక్ష్యం చెప్పొచ్చు. ఒక్కొక్క దరఖాస్తు వేరే వేరే."

"మరి మేడం, ఆయన ఒకరికి సాక్ష్యం చెప్పి, ఆ మనిషే ఆయనకు చెప్తె?"

శ్రావణి "ఒక్క నిమిషం" అని బయటికి పోయి ఎవరికో ఫోను చేసింది. తిరిగొచ్చి చెప్పింది: "చెప్పుకోవచ్చు. గ్రామసభల అందరి ముందట చదివేదే కద. అబద్ధమైతె అక్కడనే ఎవరో ఒకరు లేస్తరు. కమిటీ భూమి మీదికి పోయి చూస్తది కూడ. ఇంకొకటి, టైము సాలకపోతె కారణం రాసి గ్రామసభనే గడువు పెంచుకోవచ్చు. కాని ఇంకా టైమున్నది కద, పెట్టించుండ్రి."

"ఇది కొంచెం రాసిస్తరా మేడం?"

"రాసిందే గద మీ చేతిల ఉన్నది!" అని నవ్వింది. తరువాత జాలి కలిగినట్టుంది, అతని పెన్సిల్ తీసుకుని ఆ పంక్తి పక్కన "ఎవరి దానికి వారు కాకుండా" అని రాసిచ్చింది. అతను ఇన్ని రోజులు పడ్డ అవస్థంతా ఆ నాలుగు మాటల్లో తీరేది. ఆ మాటలు తనకు ఎందుకు తట్టలేదో బస్సు ఎక్కి దిగేదాకా అతనికి అర్థం కాలేదు.

ఊరికి రాగానే ముందు గోడ కడిగాడు. జాజు సామాన్యంగా పోదు. కొబ్బరిపీచుతో రుద్దితే అక్షరాలు పోయి ఎర్రటి మరక మిగిలింది. దాని మీదే కొత్త పంక్తి రాశాడు: "ఎవరి భూమికి వారు కాకుండా ఇంకో పెద్దమనిషి మాట. ఆ పెద్దమనిషి తన భూమికి తాను పెట్టుకోవచ్చు." అందరినీ పిలిచి చదివాడు. జంపయ్య ఊపిరి పీల్చుకున్నాడు. చిక్కు విడిపోయిందనుకున్నారు.

పగిడయ్య మాత్రం రాలేదు. అందరూ ఆయన వాకిటికి పోతే, తడిక అల్లుతున్న చోటు నుంచి కదల్లేదు.

"నేను పెట్టను."

"పెట్టొచ్చంటున్నరు తాతా!"

"నీ గోడ మారింది. నా మాట ఎట్ల మారుతది? ఇన్ని దినాలు ఆ అరుగు మీద కూసోని, నాకేం వద్దనుకొని మాట చెప్పిన. నేలకు చెప్పుకొని చెప్పిన. నాకేం వద్దన్నోడి నోట వచ్చిన మాట గది. ఇప్పుడు నాకూ కావాలంటె, అప్పుడు చెప్పిందంత వేరే మనిషి చెప్పినట్టైతది."

దీనికి సర్క్యులర్లో జవాబు లేదు. తుల్సీరాం మొదటి పేజీ నుంచి చివరి సంతకం దాకా మనసులో వెతికాడు. లేదు. వాకిట్లో జనం ముసలాయన చెప్పింది తప్పనీ అనలేకపోయారు, ఒప్పనీ అనలేకపోయారు.

లేచింది ఆదెమ్మ.

"అయిందా నీ మాట?" అంది మొగుడితో. "నీకొద్దు. మంచిది. నీ మాట నీకు దక్కనియ్. నాకు కావాలె. ఆ చెక్కల మొద్దులు పీకింది ఎవరు? కందికి కాపలా కాసింది ఎవరు? నేలకు నువ్వు ఒక్కసారి చెప్పినవ్, నేను ఏటేట చెప్పిన, పారతోని." తుల్సీరాం వైపు తిరిగింది. "సారూ, ఆడది పెట్టొద్దని ఉన్నదా నీ గోడ మీద?"

"లేదవ్వా." అతను గబగబా దరఖాస్తు ఫారం తిరగేశాడు. హక్కు కోరువారి పేరు. దాని కింద భార్య లేదా భర్త పేరు. "నువ్వు పెట్టొచ్చు. కాని పట్టా వస్తె ఇద్దరి పేర్ల మీద వస్తది. పెళ్ళైనోళ్ళకు అట్లనే ఇస్తరు."

"ఇద్దరి పేర్లంటె ఈయన పేరు కూడనా?"

"అవ్."

పగిడయ్య తడిక పక్కన పెట్టాడు. "గట్లైతె నేను పెట్టినట్టే గద?"

"నువ్వు పెట్టలే. నేను పెడ్తున్న. పక్కన నీ పేరు ఉంటది, ఇంట్ల ఉన్నట్టు," అంది ఆదెమ్మ.

"మరి రెండో ఆధారం?" జంపయ్య అడిగాడు. ఎంతైనా కమిటీ అధ్యక్షుడు. "రేషన్ కార్డు ఒకటి. పగిడయ్య తాత చెప్పడానికి లేదు, ఆయన ఇంటి భూమే. ఇంకెవరు చెప్తరు?"

అందరి రాళ్ళూ పగిడయ్య పాతాడు. పగిడయ్య రాయి ఎవరు పాతారు? ఆయన తండ్రి. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో.

"ఏందిరా ముచ్చట?" అంది భీమక్క. జంపయ్య ఆమె మంచి చెవి దగ్గరికి వంగి, కుంట పక్కన పగిడయ్య తండ్రి రాయి పాతిన రోజు ఎవరికన్నా యాదుందా అని అరిచి అడిగాడు.

"యాదుండుడేంది? ఆ సారా కుండ మోసింది నేనే. దారిల సగం నేనే తాగిన, అందుకే ఆ ముసలోడు రాయి వంకరగ పాతినా ఎవలు చెప్పలే. పోయి చూడుండ్రి, ఇప్పటికి వంకరనే ఉన్నది."

పోయి చూశారు. కందిమోళ్ళ మధ్య రాయి వంకరగానే ఉంది. తుల్సీరాం అక్కడే మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని భీమక్క మాట రాశాడు, కుండతో సహా. చదివి వినిపిస్తే ఆమెకు సగమే వినబడింది, ఆ సగానికే తల ఊపి, మిగతా సగం మళ్ళీ చదివించుకుని వేలిముద్ర వేసింది. ఆదెమ్మ తునికాకు నలుపు అంటిన వేలితోనే దరఖాస్తు మీద ముద్ర వేసింది. సిరా అవసరమే పడేట్టు లేదని ఎవరో అన్నారు. జంపయ్య ట్రంకుపెట్టె తెప్పించి, దరఖాస్తు అందులో పెట్టి, రసీదు రాసి ఆదెమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది.

పొద్దు వాలుతోంది. వాగు అవతల మబ్బు కమ్ముకుంది, ఈ ఏడు మృగశిర ముందే దిగేట్టుంది. అందరూ పోయాక పగిడయ్య ఆ వంకర రాయి పక్కనే చతికిలబడ్డాడు. తుల్సీరాం కాగితాలు సర్దుకుంటుంటే పిలిచాడు.

"సారూ."

"ఏంది తాతా?"

"నేనిప్పుడు పెట్టినోడినా, పెట్టనోడినా?"

తుల్సీరాం చంకలోని కట్ట తీశాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. మబ్బు చీకట్లో అక్షరాలు ఆనలేదు. కట్ట మూసి, ముసలాయన పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"చూసి చెప్త తాతా," అన్నాడు.